షాపు లీజు మధ్యలో వదిలేస్తున్నాం: పెనాల్టీ, లీజు లయబిలిటీ, ఆర్‌ఓయూ ఏ తేదీన తీసేయాలి?

ద్వారకానగర్_అకౌంట్స్

అందరికీ నమస్కారం. మాది రెడీమేడ్ బట్టల షాపులు నడిపే కంపెనీ. మాతృసంస్థ లిస్టెడ్ కాబట్టి మాకూ ఇండ్ ఏఎస్ వర్తిస్తుంది. విశాఖలో ఒక షాపుని మూసేస్తున్నాం. వివరాలు ఇవీ.

లీజు 2022 ఏప్రిల్ 1న మొదలైంది. ఐదేళ్లు, నెలకు లక్ష అద్దె, నెలాఖరున చెల్లింపు, అద్దె పెంపు లేదు. వడ్డీ లేని డిపాజిట్ 6 లక్షలు. డిస్కౌంట్ రేటు నెలకు 0.75 శాతం, అంటే ఏడాదికి 9. వ్యాపారం బాగాలేదని బోర్డు 2025 మార్చి 28న మూసేయాలని తీర్మానించింది. మార్చి 31న ఓనరుకి నోటీసు ఇచ్చాం. జూన్ 30న తాళాలు అప్పగిస్తాం. పెనాల్టీ మూడు నెలల అద్దె, అంటే 3 లక్షలు. దాన్ని ఓనరు డిపాజిట్‌లో మినహాయించుకుని మిగతాది ఇస్తానన్నాడు.

మార్చి 31 నాటికి మా పుస్తకాల్లో లీజు లయబిలిటీ 21,88,915, ఆర్‌ఓయూ నికర విలువ 20,13,647, డిపాజిట్ 5,01,499 ఉన్నాయి. తాళాలు ఇచ్చే రోజునే, అంటే జూన్ 30న, అన్నీ ఒకేసారి తీసేద్దామని నా ప్లాన్. ఆడిటర్ మాత్రం మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లోనే మార్చాలంటున్నారు. షాపు ఇంకా మా చేతిలోనే ఉంది, అద్దె కడుతున్నాం, మరి మార్చిలో ఎందుకు మార్చాలి? ఆడిట్ సంతకాలు దగ్గర పడుతున్నాయి, కాస్త టెన్షన్‌గా ఉంది.

ఎక్సెల్_వీరుడు

ఇది సింపుల్ బాస్. లీజు పోయింది, రెండు వైపులా కొట్టేయండి. లయబిలిటీ 21,88,915 డెబిట్, ఆర్‌ఓయూ 20,13,647 క్రెడిట్, తేడా 1,75,268 లాభం. పెనాల్టీ 3 లక్షలు ఖర్చు. డిపాజిట్‌లో 3 లక్షలు పెనాల్టీకి పోతే 3 లక్షలు బ్యాంకులోకి వస్తాయి. పుస్తకంలో ఉన్నది 5,01,499 కాబట్టి అక్కడ ఇంకో 98,501 లాభం. అన్నీ కలిపితే నికర నష్టం 26,231.

సరిచూసుకోవాలంటే మూడేళ్ల లెక్క మొత్తం కూడండి. తరుగుదల 30,20,470, లీజు వడ్డీ 9,71,578, అందులోంచి డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ ఆదాయం 1,18,279 తీసేయండి, ఈ 26,231 కలపండి. సరిగ్గా 39 లక్షలు వస్తుంది. 36 నెలల అద్దె, పెనాల్టీ కలిపినా 39 లక్షలే. టాలీ అయింది, ఇక డౌటేముంది?

పాత_ఆడిటర్

వీరుడు గారి అంకెలు తప్పు కావు. మార్చి 31 సాయంత్రమే తాళాలు ఇచ్చేసి ఉంటే ఎంట్రీ అచ్చంగా అదే. ఆ చివరి సరిచూపు ప్రతివాళ్లూ చేసుకోవాల్సిందే, లీజు లెక్క ఎక్కడ తప్పినా అక్కడ దొరికిపోతుంది.

కానీ ఇక్కడ నోటీసుకీ ఖాళీ చేయడానికీ మధ్య మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలలూ షాపుని వాడుకునే హక్కు కంపెనీదే కాబట్టి మార్చి 31న ఆర్‌ఓయూని సున్నా చేయడానికి వీల్లేదు. అలాగని ఇంకా 24 నెలలు ఉంటామన్నట్టు 21.89 లక్షల అప్పు చూపించడానికీ వీల్లేదు.

ద్వారకానగర్ గారూ, అగ్రిమెంటులో ముందే వదిలేసే క్లాజు ఉందా, లేక ఓనరుతో ఇప్పుడు కూర్చుని మాట్లాడుకున్నారా? దీన్ని బట్టి దారే మారిపోతుంది. ఇంకోటి, క్లాజు ఉంటే మొదట్లో ఐదేళ్లు అని ఏ ఆధారంతో పెట్టారు?

ద్వారకానగర్_అకౌంట్స్

క్లాజు ఉంది సర్. మాటలు దాదాపుగా ఇలా ఉన్నాయి: మొదటి 36 నెలలు లాకిన్. తరువాత అద్దెదారు మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేసి, మూడు నెలల అద్దెకు సమానమైన మొత్తం చెల్లించి లీజు ముగించుకోవచ్చు. ఓనరుకి ఆ హక్కు లేదు.

ఐదేళ్లు ఎందుకంటే ఇంటీరియర్స్‌కి 20 లక్షలు పెట్టాం. లైటింగ్, ట్రయల్ రూములు, గాజు ముందుభాగం, ఏదీ ఊడదీసి ఇంకోచోట పెట్టుకునేది కాదు. అంత ఖర్చు పెట్టి మూడేళ్లకే వెళ్లిపోమని అప్పటి ఆడిటర్ కూడా ఒప్పుకున్నారు.

గాజువాక_ఓనర్

నాదీ ఇలాంటి గోలే అండీ. నా బిల్డింగులో కింద షాపు అద్దెకి తీసుకున్నాయన లాకిన్‌లో ఉండగానే వెళ్లిపోతానంటున్నాడు. డిపాజిట్ మొత్తం ఆపేయొచ్చా? నేను కూడా ఈ ఆర్‌ఓయూ రాసుకోవాలా?

లెడ్జర్_లక్ష్మి

ఓనరు గారూ, ఆర్‌ఓయూ మీకు సంబంధం లేదండీ, అది అద్దెకు తీసుకున్నవాళ్ల పుస్తకాల్లోది. మీకు వచ్చే అద్దె, పెనాల్టీ మీ ఆదాయం, అంతే. డిపాజిట్ ఎంత ఆపొచ్చన్నది అగ్రిమెంటులో రాసిన దాన్ని బట్టి ఉంటుంది, లాయరుకి చూపించండి. ఆపిన మొత్తం మీద జీఎస్టీ సంగతి కూడా ఉంది, దాని గురించి కింద రాస్తాను.

పాత_ఆడిటర్

క్లాజు ఉందన్నారు కాబట్టి విషయం తేలిపోయింది. కాంట్రాక్టు మారలేదు. అందులో మొదటి నుంచీ ఉన్న ఆప్షన్ గురించి మీ అంచనా మారింది, అంతే. అప్పుడు వాడబోమనుకున్నారు, ఇప్పుడు వాడారు. ఇండ్ ఏఎస్ 116 దీన్ని లీజు కాలం పునఃపరిశీలనగా చూస్తుంది, మోడిఫికేషన్‌గా కాదు.

ఎప్పుడు అన్నదానికి జవాబు మీ మొదటి పోస్టులోనే ఉంది. ఆప్షన్ వాడటానికి నేరుగా సంబంధించిన వ్యాపార నిర్ణయం తీసుకుంటే, అది లీజుదారు చేతుల్లో ఉన్న ముఖ్యమైన పరిణామం. స్టాండర్డ్ ఇచ్చిన ఉదాహరణల్లోనే అది ఉంది. మీ బోర్డు మార్చి 28న తీర్మానం చేసింది. నోటీసు ఏప్రిల్ 5న పోస్టు చేసి ఉన్నా మార్చి బ్యాలెన్స్ షీట్‌లో మార్చక తప్పేది కాదు. మినిట్స్ బుక్ ఆడిటర్ టేబుల్ మీదే ఉంటుంది కదా.

ఇక లెక్క. ఇకమీదట కట్టాల్సింది మూడు అద్దెలు, చివర్లో పెనాల్టీ. ముగించే ఆప్షన్ వాడుతున్నట్టు లీజు కాలం పెట్టుకున్నాక ఆ పెనాల్టీ కూడా లీజు చెల్లింపే. దాన్ని విడిగా ఖర్చు రాయడం కాదు, లయబిలిటీలోకి రావాలి.

```
=PV(0.75%,3,-100000)+300000/1.0075^3
```

ఇది 5,88,906 ఇస్తుంది. పుస్తకంలో 21,88,915 ఉంది. తగ్గాల్సింది 16,00,009. ఎంట్రీ ఒక్కటే: లయబిలిటీ డెబిట్ 16,00,009, ఆర్‌ఓయూ క్రెడిట్ 16,00,009. లాభం లేదు, నష్టం లేదు. ఆర్‌ఓయూ 4,13,638కి దిగుతుంది. దాన్ని ఏప్రిల్, మే, జూన్‌లకు నెలకు 1,37,879 చొప్పున తరుగు రాయండి. పెనాల్టీ ఖర్చు ఆ తరుగుదలలోంచే లాభనష్టాల ఖాతాకి చేరుతుంది.

లీజు కాలం మారితే రేటు కూడా కొత్తది తీసుకోవాలి. మూడు నెలలకు మీకు అప్పు ఎంతకు దొరుకుతుందో చూడండి. 9 బదులు 10 శాతం వచ్చినా లయబిలిటీలో తేడా పన్నెండు వందల చిల్లరే, దానికోసం నిద్ర పాడుచేసుకోకండి.

ఎక్సెల్_వీరుడు

ఒక్క నిమిషం సర్. అయితే జూన్ 30న తీసేసే ఎంట్రీ ఏది? ఈ ప్రశ్న మొదలైందే దాని గురించి కదా.

పాత_ఆడిటర్

తీసేయడానికి నికరంగా ఏమీ మిగలదు, అదే ఇందులో విశేషం. అద్దెలు, పెనాల్టీ తీరేసరికి లయబిలిటీ సున్నా. తరుగు రాసేసరికి ఆర్‌ఓయూ సున్నా.

అయితే ఆస్తుల రిజిస్టర్‌లో మూల విలువ, పోగైన తరుగు అనే రెండు వరుసలు ఉండిపోతాయి. మూల విలువ 50,34,117లోంచి 16,00,009 పోతే 34,34,108. పోగైన తరుగు 30,20,470కి 4,13,638 కలిపితే అదీ 34,34,108. జూన్ 30న ఈ రెండిటినీ ఒకదానికొకటి ఎదురుపెట్టి తీసేయాలి. ఇది మరిచిపోయిన కంపెనీల్లో ఎప్పుడో మూసేసిన షాపులు ఏళ్ల తరబడి నోట్‌లో కనిపిస్తుంటాయి.

ద్వారకానగర్_అకౌంట్స్

అంటే నా పద్ధతిలో జూన్‌లో సుమారు 1.74 లక్షల లాభం, విడిగా 3 లక్షల పెనాల్టీ ఖర్చు వచ్చేవి. మీ పద్ధతిలో అవి కనిపించవు. కానీ చివరికి మొత్తం ఒకటే కదా సర్? ఒకటే అయినప్పుడు ఆడిటర్ పట్టుదల దేనికి?

లెడ్జర్_లక్ష్మి

మొత్తం ఒకటే, తేదీలు వేరు. మార్చి 31 బ్యాలెన్స్ షీట్ తీసుకుని చూడండి. మీ పద్ధతిలో అటూ ఇటూ 16 లక్షలు ఎక్కువగా కనిపిస్తుంది. పైగా పాత లయబిలిటీలో సగం దాకా నాన్ కరెంట్‌లో ఉంటుంది. నిజానికి మీరు కట్టబోయేదంతా జూన్ లోపే, కాబట్టి 5,88,906 మొత్తం కరెంట్ అవ్వాలి. బ్యాంకు వాళ్లు కరెంట్ రేషియో చూస్తారు కదా, అప్పుడు ఇది చిన్న విషయం కాదు.

డిపాజిట్‌నీ వదిలేయకండి. 2027 మార్చిలో వస్తుందనుకుని డిస్కౌంట్ చేశారు, ఇప్పుడు 2025 జూన్‌లోనే తేలుతుంది. 6 లక్షలని మూడు నెలలకు పాత రేటుతోనే వెనక్కి తెస్తే 5,86,700. పుస్తకంలో 5,01,499. తేడా 85,201 మార్చిలోనే ఆదాయం. మిగిలిన 13,300 మూడు నెలల్లో వడ్డీగా వస్తుంది. వీరుడు గారు చెప్పిన 98,501 ఇదే, రెండు ఆర్థిక సంవత్సరాల్లో విడిపోయింది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు సరిచూసుకోండి: తరుగు 4,13,638, లయబిలిటీ వడ్డీ 11,094, ఈ మొత్తంలోంచి 98,501 తీసేస్తే 3,26,231. మూడు అద్దెలు, పెనాల్టీ కలిపి 6 లక్షలు. అందులోంచి మార్చి వరకు అద్దె కంటే ఎక్కువగా ఖర్చు రాసుకున్న 2,73,769 తీసేస్తే అదే 3,26,231. ఈ సరిచూపు కోసం 85,201ని కూడా నేను ఈ మూడు నెలల వైపే లెక్కేశాను, పుస్తకాల్లో అది మార్చిది.

హైటెక్‌సిటీ_ఫైనాన్స్

లక్ష్మి గారూ, డిపాజిట్ తేడాని నేరుగా ఆదాయం అంటున్నారు. ఆ డిపాజిట్ తగ్గింపు మొదట్లో ఆర్‌ఓయూలోనే కదా కలిసింది, 2,16,780. అలాంటప్పుడు ఇప్పుడు కూడా ఆర్‌ఓయూకే సర్దుబాటు చేయాలని మా ఆడిటర్లు వాదించారు. చివరికి మేం అలాగే చేశాం.

లెడ్జర్_లక్ష్మి

పుట్టింది లీజు వల్లే అయినా డిపాజిట్ ఒక ఆర్థిక ఆస్తి, 109 కిందికి వస్తుంది. నగదు వచ్చే తేదీ అంచనా మారితే తేడా లాభనష్టాలకే పోవాలని నేను చదువుకున్నాను. మీ వాదన విన్నాను, ఒప్పుకోలేను. అయినా మీ దగ్గర అది ఆడిటర్ సంతకం దాటింది కాబట్టి తప్పని కొట్టిపారేయను.

హైటెక్‌సిటీ_ఫైనాన్స్

సరే, దాన్ని అక్కడ వదిలేద్దాం. నాకు వచ్చిన ఇంకో కేసు చెప్తాను, ద్వారకానగర్ గారికీ పనికొస్తుంది. మా షాపొకటి రెండేళ్లుగా నష్టాల్లో ఉంటే, దాని ఆర్‌ఓయూకి ముందే ఇంపెయిర్‌మెంట్ రాసి బాగా దించేశాం. తరువాత ముగించే ఆప్షన్ వాడాం. లయబిలిటీలో తగ్గాల్సింది ఆర్‌ఓయూలో మిగిలినదాని కంటే ఎక్కువ వచ్చింది. ఆర్‌ఓయూ మైనస్‌లోకి వెళ్లదు కదా. సున్నా అయ్యేదాకా దాంట్లో తగ్గించి, మిగిలింది లాభంగా రాశాం. మీ షాపు కూడా నష్టాల్లోదే అంటున్నారు, మరి 2024 మార్చిలో ఇంపెయిర్‌మెంట్ టెస్ట్ చేశారా? ఆ అంకెలు మారితే ఈ లెక్కంతా మారుతుంది.

ద్వారకానగర్_అకౌంట్స్

చేశాం సర్. అప్పటికి అంచనాలు బాగానే ఉన్నాయి, తగ్గించాల్సిన అవసరం రాలేదు. పక్కనే పెద్ద షోరూమ్ ఒకటి వచ్చాక అమ్మకాలు పడిపోయాయి. ఈ మార్చికి మళ్లీ చేస్తున్నాం.

పాత_ఆడిటర్

టెస్ట్ చేసేటప్పుడు ఇంటీరియర్స్‌ని కూడా కలుపుకోండి, షాపు మొత్తం ఒకే యూనిట్. 20 లక్షలు ఐదేళ్లకు పెట్టి ఉంటే ఇప్పుడు 8 లక్షలు మిగిలి ఉండాలి. ఆప్షన్ వాడాలని నిర్ణయించిన రోజు నుంచి వాటి ఆయుష్షు కూడా మూడు నెలలే. ఇంపెయిర్‌మెంట్ రాకపోతే ఆ 8 లక్షలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా తరుగు రాయాలి, జూన్ 30న ఒక్కసారిగా నష్టంగా కాదు. పెనాల్టీ 3 లక్షల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, మీ జూన్ త్రైమాసికాన్ని ముంచేది ఇంటీరియర్సే. మేనేజ్‌మెంట్‌కి ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి.

షాపుని తీసుకున్నప్పుడు ఉన్నట్టే చేసి అప్పగించాలన్న షరతు ఏమైనా ఉందా?

ద్వారకానగర్_అకౌంట్స్

లేదండీ. గాజు ముందుభాగం అలాగే ఉంచేయమని ఓనరే అడిగాడు.

ఎక్సెల్_వీరుడు

ఇప్పుడు నా ప్రశ్న. క్లాజు లేదనుకుందాం. లాకిన్ మధ్యలో ఓనరుతో మాట్లాడి, ఇదే 3 లక్షలకి, ఇదే జూన్ 30కి ఒప్పందం కుదుర్చుకుంటే? అంకెలు అవే, షాపు అదే. అప్పుడూ ఇదే ఎంట్రీనా?

పాత_ఆడిటర్

కాదు. అది అసలు కాంట్రాక్టులో లేని మార్పు, కాబట్టి మోడిఫికేషన్. లీజు కాలం కుదించడం అంటే పరిధి తగ్గినట్టు. అక్కడ ఆర్‌ఓయూని ముందు దామాషాలో తగ్గించాలి. 24 నెలల్లో 3 నెలలే మిగిలాయి కాబట్టి 20,13,647లో ఎనిమిదో వంతు 2,51,706 ఉంచి 17,61,941 తీసేస్తాం. లయబిలిటీలో మూడు అద్దెల విలువ 2,95,556 ఉంచి 18,93,359 తీసేస్తాం. తేడా 1,31,418 ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజునే లాభం.

ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చిందని కొందరు కంగారు పడతారు. ఆర్‌ఓయూ నెలనెలా ఒకే మొత్తంలో తగ్గుతుంది. లయబిలిటీలో మొదట్లో వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ తీరుతుంది. అందుకే లీజు మధ్యలో సాధారణంగా లయబిలిటీ పైన ఉంటుంది. ముందే ఎక్కువ రాసుకున్న ఖర్చు వెనక్కి వస్తోంది, ఓనరు ఏమీ ఇవ్వలేదు.

పెనాల్టీ విలువ 2,93,350ని మాత్రం మారిన ప్రతిఫలంలో భాగంగా లయబిలిటీకీ ఆర్‌ఓయూకీ కలిపి, మూడు నెలలకు పంచుతాను నేను.

హైటెక్‌సిటీ_ఫైనాన్స్

అక్కడ నాకు అభ్యంతరం ఉంది సర్. ఆ 3 లక్షలు మిగిలిన మూడు నెలలు వాడుకున్నందుకా? కాదు, వదిలేసిన 21 నెలలకి. అయితే 1,31,418 లాభం రాసిన రోజునే పెనాల్టీ కూడా ఖర్చవ్వాలి. లేకపోతే మార్చిలో లాభం, జూన్‌లో ఖర్చు చూపించి ఒకే ఒప్పందాన్ని రెండు ముక్కలు చేసినట్టు అవుతుంది.

పాత_ఆడిటర్

మీ మాటలో న్యాయం ఉంది. కానీ ఆప్షన్ దారిలో అదే పెనాల్టీని స్టాండర్డే లీజు చెల్లింపు అంటోంది, అక్కడా వదిలేసిన నెలలకే కదా కట్టేది? మోడిఫికేషన్‌లో వేరుగా ఎందుకు చూడాలి? రెండు రకాలుగా చేసినవాళ్లూ ఉన్నారు. ఏది చేసినా ఏటా అదే చేయండి, నోట్‌లో రాయండి.

లెడ్జర్_లక్ష్మి

జీఎస్టీ చెప్తానన్నాను. 2022 ఆగస్టు 3 నాటి 178 నంబరు సర్క్యులర్‌లో లీజు ముందుగా ముగించినందుకు కట్టే మొత్తం గురించి నేరుగా రాశారు. కాంట్రాక్టులో వ్యాపార షరతుగా ఉంటే, పేరుకి పెనాల్టీ అయినా, ముందుగా ముగించుకునే వెసులుబాటుకి ఇచ్చే ప్రతిఫలమే, పన్ను పడుతుంది. అసలు సేవకి ఏ రేటో దీనికీ అదే. అద్దె మీద 18 శాతం కాబట్టి 3 లక్షలకి 54,000. ఓనరు డిపాజిట్‌లోంచి 3 లక్షలు కోసుకుని ఊరుకుంటే మీకు ఇన్‌వాయిస్ ఉండదు, ఇన్‌వాయిస్ లేకపోతే క్రెడిట్ ఉండదు. తాళాలు ఇచ్చే ముందే అడిగి తీసుకోండి. ఆ 54,000 లీజు లయబిలిటీలో కలపకండి.

గాజువాక ఓనరు గారూ, మీరు జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే ఇది మీకే వర్తిస్తుంది.

గాజువాక_ఓనర్

నేను రిజిస్టర్ కాలేదమ్మా. అయితే నాకేం లేనట్టేగా?

లెడ్జర్_లక్ష్మి

2024 అక్టోబరు 10 నుంచి రిజిస్టర్ కాని ఓనరు కమర్షియల్ షాపుని రిజిస్టర్ అయినవాళ్లకి అద్దెకిస్తే పన్ను అద్దెదారే రివర్స్ ఛార్జ్‌లో కట్టాలి. పెనాల్టీ కూడా అందులోకే వస్తుందనే నేను అనుకుంటున్నాను, కానీ రాతలో చూపించమంటే చూపించలేను. అద్దెదారు కాంపోజిషన్‌లో ఉంటే కథ వేరు. వాళ్ల అకౌంటెంట్‌తో మాట్లాడండి.

ద్వారకానగర్_అకౌంట్స్

ఆడిటర్‌తో కూర్చున్నాను. మార్చి 31న 16,00,009 ఎంట్రీ వేస్తున్నాం, లయబిలిటీ మొత్తం కరెంట్‌లోకి. డిపాజిట్ 85,201 ఆదాయంగా ఒప్పుకున్నారు. ఇంటీరియర్స్ విషయం సీఎఫ్‌ఓ గారికి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత జూన్ బడ్జెట్ ఫైల్ అడిగారు.

టీడీఎస్ దగ్గర మాత్రం ఆగిపోయాం. పెనాల్టీని అద్దెగా చూసి పది శాతం పట్టాలని ఒకరు, ఖాళీ చేసినందుకు ఇచ్చేది అద్దె కాదని ఇంకొకరు. ఓనరు డిపాజిట్‌లోంచే కోసుకుంటున్నాడు కాబట్టి మా చేతి నుంచి చెల్లింపే లేదని క్యాషియర్ వాదన.

హైటెక్‌సిటీ_ఫైనాన్స్

క్యాషియర్ వాదన నిలబడదు. సర్దుబాటు చేసినా చెల్లించినట్టే. అద్దె అవునా కాదా అన్నది వేరే ప్రశ్న. మేమైతే గొడవెందుకని పట్టేశాం, ఓనరు మాతో రెండు వారాలు మాట్లాడలేదు.

ఎక్సెల్_వీరుడు

మధ్యలో ఓనరు మే నెలాఖరుకే తాళాలు ఇచ్చేయమని, జూన్ అద్దె వదిలేస్తానని అంటే? అది ఆప్షన్‌లో లేదు కదా. అప్పుడు మళ్లీ మోడిఫికేషనేనా?

పాత_ఆడిటర్

అవును, అప్పుడది కొత్త ఒప్పందమే. కాగితం మీద సంతకం అయిన రోజు లెక్క మళ్లీ వేయాలి. అలాంటి కబురు వస్తే అంకెలతో ఇక్కడే రాయండి, చూద్దాం.